స్పీడ్ ఉంది, మాట తెగుతోంది

బిట్రగుంటలో ఉంటూ హైదరాబాదు, బెంగళూరు, చెన్నై కంపెనీలకి పనిచేసేవాళ్ళ ఇళ్ళల్లో ఒక చిక్కుముడి ఉంటుంది. ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ పెడితే వంద ఎంబీపీఎస్ చూపిస్తుంది. హాల్లో టీవీలో సినిమా ఎక్కడా ఆగకుండా నడుస్తుంది. తీరా మీటింగ్‌లో నోరు విప్పేసరికి అవతలివాళ్ళు "మీ వాయిస్ కట్ అవుతోందండీ" అంటారు. ఇంకో పది నిమిషాలకి ఆఫీసు వీపీఎన్ తెగిపోయి, మళ్ళీ పాస్‌వర్డూ ఓటీపీ అడుగుతుంది. కేబుల్ ఆపరేటర్‌కి ఫోన్ చేస్తే ఆయన తన ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ చేసి చూపించి, లైను బాగానే ఉంది కదా అని వెళ్ళిపోతాడు. ఆయన చూపించిన వంద అబద్ధం కాదు. కానీ మాట తెగడానికి కారణం ఆ అంకెలో కనిపించదు.

## కాల్‌కి ఎంత కావాలి, ఎప్పటికి కావాలి

మనం మాట్లాడుతుంటే కంప్యూటర్ ఆ శబ్దాన్ని ముక్కలు చేసి పంపుతుంది. సాధారణంగా ఒక్కో ముక్క 20 మిల్లీసెకన్ల మాట. మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యో వంతు. అంటే సెకనుకి 50 చిన్న ప్యాకెట్లు బయల్దేరతాయి. ఈ యాభై ప్యాకెట్లూ కలిపి ఒక్క ఎంబీపీఎస్‌లో పదో వంతు కూడా ఉండవు. దానికి మంచి నాణ్యత గల వీడియో కలిపినా రెండు నుంచి నాలుగు ఎంబీపీఎస్ సరిపోతుంది. వంద ఎంబీపీఎస్ లైనుకి ఇది ఒక లెక్కలోది కాదు.

ఇబ్బందల్లా టైముతో వస్తుంది. సినిమా అయితే టీవీ ముందుగానే అర నిమిషం బొమ్మ తెచ్చి దాచుకోగలదు. మధ్యలో లైను రెండు సెకన్లు తడబడినా ఆ నిల్వలోంచి ఆడిస్తుంది, మనకి తెలియదు. ఎదుటి మనిషి ఇంకా అనని మాటని ముందుగా తెచ్చి దాచుకోవడం కుదరదు. అందుకే కాల్ చేసే యాప్‌లు వచ్చిన ప్యాకెట్లని చాలా కొద్దిసేపు, మామూలుగా సెకనులో పదో వంతు లోపలే, ఆపి వరసలో పెట్టి వినిపిస్తాయి. ఆ గడువు దాటి వచ్చిన ప్యాకెట్‌ని పారేస్తాయి. అది చేరింది కదా అని ఇప్పుడు వినిపిస్తే మాట ముందువెనకలైపోతుంది. నోటి నుంచి చెవికి ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే సంభాషణ సహజంగా సాగుతుందని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ ప్రమాణం చెబుతుంది. అది బాగా దాటితే ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టడం, ఇద్దరూ ఒకేసారి ఆగిపోవడం జరుగుతుంది.

స్పీడ్ టెస్ట్‌లో పెద్దగా కనిపించే అంకె, పదీ పదిహేను సెకన్లలో మొత్తం ఎంత సరుకు చేరిందన్నది మాత్రమే. ఆ సరుకులో ఫలానా ప్యాకెట్ అర సెకను ఎక్కడో ఆగిందన్న సంగతి అందులో ఉండదు.

> మూడు కొలతలు
>
> లేటెన్సీ: ఒక ప్యాకెట్ వెళ్ళి, జవాబు తిరిగి రావడానికి పట్టిన సమయం. స్థిరంగా ఉంటే 60 మిల్లీసెకన్లైనా కాల్‌కి ఇబ్బంది లేదు.
>
> జిట్టర్: ఆ సమయం ఒకసారి 10, ఒకసారి 200 అవుతూ ఊగడం. మాట రోబో గొంతులా మారడానికి ఎక్కువగా ఇదే కారణం.
>
> ప్యాకెట్ లాస్: అసలు చేరకపోవడం. నూటికి ఒకటీ అరా పోతే యాప్ పూడ్చుకుంటుంది. నూటికి ఐదు దాటితే చెవికి తెలిసిపోతుంది.

## ఎక్కడ ఆగుతోందో కనిపెట్టడం

బిట్రగుంట నుంచి చెన్నైకి రైలు దారిన రెండొందల కిలోమీటర్ల పైచిలుకు. గాజు తీగలో కాంతి ఒక్క మిల్లీసెకనులో సుమారు 200 కిలోమీటర్లు పోతుంది. అంటే చెన్నై దాకా వెళ్ళి రావడానికి కాంతికి పట్టేది రెండు మిల్లీసెకన్లు. దారిలోని యంత్రాల పని కలుపుకుని పది, ఇరవై అవుతుంది. ఊరు దూరం కాబట్టి కాల్ సరిగా రాదన్న అనుమానం అక్కర్లేదు. మీ తెర మీద 300 మిల్లీసెకన్లు కనబడితే ఆ ప్యాకెట్ దారిలో ఎక్కడో నిలబడిపోయిందని అర్థం. ఎక్కడ నిలబడిందో తెలిస్తే సగం పని అయినట్టే.

ఒక ఇల్లు ఊహించుకుందాం. ఫైబర్ తీగ వీధిలో స్తంభం మీంచి వరండాలోకి వచ్చింది. హాల్లో టీవీ వెనక ఫైబర్ బాక్సు, అందులోనే వైఫై. ఆఫీసు పని చేసేది వెనక గదిలో, మధ్యలో పాతకాలపు మందపాటి గోడలు రెండు, ఒక ఇనప బీరువా. ఇంట్లో మూడు ఫోన్లు, ఒక టీవీ, ఒక ఆఫీసు ల్యాప్‌టాప్.

ఆ ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ కలపకముందు కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఈ రెండూ కొట్టాలి. వీపీఎన్ కలిపాక చాలా కంపెనీల అమరికలు ఇంట్లోని రూటర్‌ని చేరనివ్వవు కాబట్టి ముందే చేయాలి.

```
ping -n 50 192.168.1.1
ping -n 50 8.8.8.8
```

మొదటిది ఇంట్లోని ఫైబర్ బాక్సు చిరునామా. కొన్ని ఇళ్ళల్లో ఇది వేరుగా ఉంటుంది. `ipconfig` కొడితే `Default Gateway` అన్న వరసలో కనిపించేదే మీది. రెండోది గూగుల్ వారి సర్వర్, అది ఇంటి బయట ఉంటుంది. ఒక్కో చిరునామాకి యాభైసార్లు పలకరింపు వెళ్తుంది, ప్రతి జవాబుకీ ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో వరసగా కనిపిస్తుంది. సగటు అంకె చూసి ఊరుకోకూడదు, వరసలన్నీ చూడాలి.

మనం అనుకున్న ఇంట్లో మొదటి ఆదేశానికి ఇలా వచ్చిందనుకోండి:

```
Reply from 192.168.1.1: bytes=32 time=4ms TTL=64
Reply from 192.168.1.1: bytes=32 time=187ms TTL=64
Request timed out.
Reply from 192.168.1.1: bytes=32 time=61ms TTL=64
```

హాల్లో ఉన్న బాక్సుకి వెళ్ళి రావడానికి 187 మిల్లీసెకన్లు పట్టింది, ఒకటి తిరిగే రాలేదు. ఇంకా ఇల్లు దాటనేలేదు. దీనికి ఆపరేటర్‌ని అని లాభం లేదు. అదే ల్యాప్‌టాప్‌ని హాల్లో బాక్సు పక్కన పెట్టి మళ్ళీ కొడితే అన్నీ రెండు, మూడు, ఐదు మిల్లీసెకన్లలో వస్తే కారణం గాలిలో, అంటే వైఫైలో ఉందని ఖాయమైనట్టే.

## గాలిలో వంతు

వైఫైలో ఒక చానల్ మీద ఒక సమయంలో ఒక్కరే మాట్లాడాలి. పంపబోయే ప్రతి పరికరం ముందు గాలిని వింటుంది. ఎవరైనా మాట్లాడుతుంటే ఆగుతుంది. వాళ్ళు ముగించాక కూడా వెంటనే దూకదు, ఇంకొంచెంసేపు, తనకు తోచినంత ఆగి అప్పుడు పంపుతుంది. అవతలి నుంచి "అందింది" అన్న జవాబు రాకపోతే మళ్ళీ పంపుతుంది, ఈసారి ఇంకా ఎక్కువసేపు ఆగే అవకాశంతో. ఇలా కొన్నిసార్లు ప్రయత్నించి చివరికి వదిలేస్తుంది. మన తెర మీద కనిపించిన 187 ఈ ఆగడాల మొత్తం. `Request timed out` అన్నది వదిలేసిన ప్యాకెట్.

గోడల అవతల సిగ్నల్ బలహీనంగా ఉంటే ఇంకో సంగతి జరుగుతుంది. దూరం నుంచి పంపేటప్పుడు పరికరం తప్పులు రాకుండా మెల్లగా, ఆచితూచి పంపుతుంది. అదే సరుకుకి పది రెట్లు ఎక్కువసేపు గాలిని ఆక్రమిస్తుంది. అంటే మూల గదిలో సిగ్నల్ అందీ అందక వేలాడే ఒక్క ఫోన్, బాక్సు పక్కనున్న ల్యాప్‌టాప్‌ని కూడా ఆపగలదు. పక్కింటి వైఫై మీ చానల్లోనే ఉంటే వాళ్ళ సినిమా కూడా మీ వంతులో వాటా తీసుకుంటుంది. పాస్‌వర్డ్ వేరైనా గాలి ఒకటే.

2.4 గిగాహెర్ట్జ్ అనే పాత పట్టీలో ఈ రద్దీ ఎక్కువ. అందులో ఒకదానిమీద ఒకటి పడని చానళ్ళు మూడే: 1, 6, 11. మైక్రోవేవ్ పొయ్యి, బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు కూడా అక్కడే. ఆ పట్టీ వెడల్పు 83.5 మెగాహెర్ట్జ్. 2018 అక్టోబరులో భారత ప్రభుత్వం 5 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో 605 మెగాహెర్ట్జ్‌ని లైసెన్సు అక్కర్లేకుండా వైఫైకి వదిలింది. అక్కడ చోటు ఎక్కువ, రద్దీ తక్కువ. అయితే 5 గిగాహెర్ట్జ్ తరంగాలు గోడలకి త్వరగా నీరసిస్తాయి. హాల్లో దివ్యంగా పనిచేసి, రెండు మందపాటి గోడలు దాటేసరికి అందకుండా పోతాయి. అప్పుడు ల్యాప్‌టాప్ తనంతట తానే 2.4కి జారుకుంటుంది, ఆ సంగతి మనకి చెప్పదు.

చూడాలంటే ఇంకో ఆదేశం ఉంది:

```
netsh wlan show interfaces
```

వచ్చిన వరసల్లో `Channel` ఎదురుగా 1 నుంచి 13 లోపు అంకె ఉంటే మీరు 2.4లో ఉన్నట్టు, 36 లేదా అంతకు పైన ఉంటే 5లో ఉన్నట్టు. `Signal` ఎదురుగా శాతం ఉంటుంది. కాల్స్‌కి అది 65 దాటి ఉండేలా చూసుకోవాలి. 50 దగ్గర బ్రౌజింగ్ బాగానే సాగుతుంది, మాట మాత్రం తెగుతుంది.

నా మటుకు నేను ఈ ఇంటికి చెప్పే మందు ఒక్కటే: తీగ. హాల్లో బాక్సు నుంచి వెనక గది దాకా ఒక ల్యాన్ కేబుల్ గోడ వారగానో కిటికీ మీదుగానో లాగాలి. వంద మీటర్ల దాకా ఈ కేబుల్‌కి ఢోకా లేదు, ఏ ఇంటికైనా అది చాలు. ల్యాప్‌టాప్‌కి నేరుగా గుచ్చుకోవచ్చు. గదిలో ఫోన్లకి కూడా కావాలంటే ఆ కేబుల్ చివర ఇంకో చిన్న వైఫై రూటర్‌ని యాక్సెస్ పాయింట్‌గా పెట్టుకోవచ్చు. దుకాణంలో దీని బదులు గోడ సాకెట్‌లో గుచ్చే వైఫై ఎక్స్‌టెండర్ చూపిస్తారు. తక్కువ ధర ఎక్స్‌టెండర్ తను విన్న ప్రతి ప్యాకెట్‌నీ అదే చానల్ మీద మళ్ళీ పలకాలి. గాలి వాడకం రెండింతలవుతుంది. సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తాయి, జిట్టర్ అలాగే ఉంటుంది, ఒక్కోసారి పెరుగుతుంది కూడా.

కేబుల్ లాగడం కుదరనివాళ్ళు కనీసం బాక్సుని టీవీ వెనక నుంచి తీసి, బీరువాకి దూరంగా, తల ఎత్తులో పెట్టించుకోవాలి. 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్‌కి వేరే పేరు పెట్టి ఆఫీసు ల్యాప్‌టాప్‌ని దానికి మాత్రమే కలపాలి.

## గూడ్సు బండ్ల వెనక ఎక్స్‌ప్రెస్

ఇప్పుడు తీగ వేసుకున్నాం. బాక్సుకి పింగ్ ఒక మిల్లీసెకను, ఒక్కటీ పోవడం లేదు. పగలంతా కాల్స్ హాయిగా సాగాయి. సాయంత్రం అమెరికా వాళ్ళతో మీటింగ్‌లో మళ్ళీ మాట తెగింది. ఈసారి మొదటి ఆదేశంలో అన్నీ ఒకటి, రెండు మిల్లీసెకన్లే. రెండో ఆదేశంలో మాత్రం 15 ఉండాల్సింది 700, 800 చూపిస్తోంది. ఐదు నిమిషాలాగి కొడితే మళ్ళీ 15.

ఆ ఐదు నిమిషాల్లో ఇంట్లో ఏం జరిగిందో వెతికితే, పెళ్ళికి వెళ్ళొచ్చిన వాళ్ళ ఫోన్ వైఫై అందుకోగానే ఫొటోలూ వీడియోలూ బ్యాకప్‌కి ఎక్కించడం మొదలుపెట్టిందని తేలుతుంది.

బిట్రగుంట వాళ్ళకి దీన్ని వివరించడం తేలిక. ఆవిరి ఇంజన్ల కాలంలో లోకో షెడ్డూ పెద్ద యార్డూ ఉన్న రైల్వే ఊరు ఇది. యార్డులో గూడ్సు బండ్లు బారులు తీరి ఉన్నాయనుకుందాం. బయటకి పోయే లైను ఒకటే. వెనకాల ఎక్స్‌ప్రెస్ వచ్చింది. స్టేషన్ మాస్టరు దానికి దారి ఇవ్వకుండా, వచ్చిన వరసలోనే బండ్లని వదిలితే ఆ ఎక్స్‌ప్రెస్ ముందున్న గూడ్సులన్నీ పోయేదాకా నిలబడాల్సిందే. లైను బాగానే ఉంది, బండ్లు నిండుగా నడుస్తున్నాయి, రోజు మొత్తం మీద పోయిన సరుకు లెక్క ఘనంగా ఉంది. ఎక్స్‌ప్రెస్ మాత్రం లేటు. మన ఫైబర్ బాక్సు కూడా మామూలుగా వచ్చిన వరసలోనే ప్యాకెట్లని వదిలేస్తుంది. అందులో ప్యాకెట్లు నిలిచే మెమరీని బఫర్ అంటారు.

లెక్క వేసి చూడొచ్చు. బాక్సులో ఒక మెగాబైటు బఫర్ ఉందనుకుందాం. అంటే ఎనిమిది మెగాబిట్లు. బయటకి పంపే వేగం 10 ఎంబీపీఎస్ అయితే నిండిన బఫర్ ఖాళీ కావడానికి 0.8 సెకను పడుతుంది. మన తెర మీద కనిపించిన 800 మిల్లీసెకన్లు ఇదే. ఇక నెల కోటా అయిపోయి ఆపరేటర్ వేగాన్ని 2 ఎంబీపీఎస్‌కి తగ్గించాడనుకోండి, అదే బఫర్ ఖాళీ కావడానికి నాలుగు సెకన్లు. కాల్‌కి రెండు ఎంబీపీఎస్ కూడా దాదాపు చాలు కదా, మరి కోటా అయిపోయిన రోజుల్లో ఎందుకంత ఘోరంగా ఉంటుందన్న ప్రశ్నకి జవాబు ఈ లెక్కలో ఉంది.

బఫర్ అసలు నిండేదాకా ఎందుకు వస్తుంది? బ్యాకప్ లాంటి పెద్ద పంపకాలు తమ వేగాన్ని తామే వెతుక్కుంటాయి. కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోయి, ఎక్కడో ఒక ప్యాకెట్ పోయిందని తెలిశాక తగ్గుతాయి. ప్యాకెట్ పోవడమే వాటికి ఎర్ర సిగ్నల్. మెమరీ చవకయ్యాక పరికరాలు చేసేవాళ్ళు ఒక్క ప్యాకెట్ కూడా పోకూడదని పెద్ద పెద్ద బఫర్లు పెట్టారు. దాంతో ఎర్ర సిగ్నల్ పడటమే ఆలస్యమైంది. ఈలోపు వరస పెరుగుతూనే ఉంటుంది.

అమెరికా ఇంజనీరు జిమ్ గెట్టీస్ 2010 ప్రాంతంలో తన ఇంటి నుంచి పెద్ద ఫైళ్ళు పంపుతున్నప్పుడు ఇంటర్నెట్ మొత్తం నత్తనడక నడవడం చూసి, కారణం తవ్వి, దీనికి బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టాడు. 2012లో కాథ్లీన్ నికోల్స్, వాన్ జేకబ్సన్ దీనికి కోడెల్ అనే పరిష్కారం ప్రకటించారు. అది వరస ఎంత పొడుగుందని చూడదు, ప్యాకెట్ వరసలో ఎంతసేపు నిలబడిందని చూస్తుంది. 100 మిల్లీసెకన్ల పాటు ఏ ప్యాకెట్టూ 5 మిల్లీసెకన్ల లోపు బయటపడలేదంటే కావాలనే ఒకదాన్ని పారేస్తుంది. బ్యాకప్ ఆ సూచన అందుకుని తగ్గుతుంది. దీని తర్వాతి రూపం ఒక్కో సంభాషణకి ఒక్కో వరస కట్టి, వంతులవారీగా వదులుతుంది. అప్పుడు చిన్న వరసలో ఉన్న కాల్ ప్యాకెట్లు బ్యాకప్ వెనక నిలబడక్కర్లేదు.

ఆపరేటర్ ఇచ్చే బాక్సుల్లో ఈ సదుపాయం సాధారణంగా దొరకదు. దాని వెనక సొంత రూటర్ పెట్టుకుంటే దొరుకుతుంది. అమరికల్లో ఎస్‌క్యూఎం అనో స్మార్ట్ క్యూ అనో ఉంటుంది. అందులో లైను అసలు వేగంలో 85 నుంచి 90 శాతం రాయాలి. ఆ కాస్త వేగం వదులుకోవడం వృథా అనిపిస్తుంది గానీ అందులోనే కిటుకుంది. మన రూటర్ కొంచెం తక్కువ వేగంతో వదిలితే వరస దాని దగ్గరే ఏర్పడుతుంది, దాని అదుపులో ఉంటుంది. పూర్తి వేగంతో వదిలితే వరస ఆపరేటర్ బాక్సులోకి మారిపోతుంది, అక్కడ మన మాట చెల్లదు. కోటా అయిపోయి వేగం పడిపోయిన రోజున ఈ అంకెని కూడా తగ్గించాలి, లేకపోతే అది ఉన్నా లేనట్టే.

కొత్త రూటర్ కొనలేకపోతే ఫోన్ల బ్యాకప్‌ని రాత్రి చార్జింగ్‌లో ఉన్నప్పుడే జరిగేలా పెట్టడం మంచిది. అది డబ్బు ఖర్చు లేని పని.

## వీపీఎన్ లోపల ఏముందో రూటర్‌కి తెలియదు

వరసలు విడదీసే రూటర్ పెట్టుకున్నా ఒక్కోసారి కాల్ చెడుతుంది. ఇంట్లో ఇంకెవరూ ఏమీ పంపడం లేదు. కారణం అదే ల్యాప్‌టాప్‌లో ఉంటుంది.

వీపీఎన్ అంటే ల్యాప్‌టాప్ నుంచి ఆఫీసు గేట్‌వే దాకా తాళం వేసిన దారి. లోపలికి వెళ్ళే ప్రతి ప్యాకెట్‌నీ తాళం వేసి ఇంకో ప్యాకెట్‌లో పెడుతుంది. బయటినుంచి చూస్తే అన్నీ ఒకే రకం, అన్నీ ఒకే చోటికి. రూటర్‌కి అది ఒకే ఒక్క సంభాషణ. మీటింగ్ మాటలూ, అదే సమయంలో ల్యాప్‌టాప్ ఆఫీసు సర్వర్‌కి ఎక్కిస్తున్న రెండు వందల మెగాబైట్ల ఫైలూ ఒకే వరసలో నిలబడతాయి. వరసలు విడదీసే తెలివి, పక్క గదిలో ఫోన్ నుంచి మీ వీపీఎన్‌ని కాపాడగలదు. మీ ఫైలు నుంచి మీ మాటని కాపాడలేదు. మీటింగ్‌కి ముందు ఫైల్ సింక్ ఆపడం, లేదా సింక్ యాప్ అమరికల్లో అప్‌లోడ్ వేగానికి పరిమితి పెట్టడం తప్ప ఇంట్లో చేయగలిగింది లేదు.

దారి పొడుగు కూడా ఉంది. కంపెనీ అన్నిటినీ వీపీఎన్ గుండానే పంపమంటే కాల్ కూడా ముందు ఆఫీసు గేట్‌వేకి వెళ్ళి, అక్కడినుంచి మీటింగ్ సర్వర్‌కి వెళ్తుంది. గేట్‌వే అమెరికాలో ఉంటే, బెంగళూరులో ఉన్న సహోద్యోగితో మాట్లాడే మాట కూడా సముద్రాలు దాటి తిరిగొస్తుంది. రానూపోనూ 200 మిల్లీసెకన్లు దాటుతుంది. ఇది కాంతి వేగం పెట్టిన హద్దు, ఏ రూటరూ తగ్గించలేదు. కంపెనీ ఐటీ విభాగం తలుచుకుంటే తగ్గుతుంది: మీటింగ్ శబ్దం, బొమ్మ మాత్రం వీపీఎన్ బయటనుంచి నేరుగా వెళ్ళేలా చేయొచ్చు. దీన్ని స్ప్లిట్ టన్నెలింగ్ అంటారు. 2020లో కోవిడ్ వల్ల అందరూ ఇళ్ళకి చేరినప్పుడు మైక్రోసాఫ్ట్ తన టీమ్స్ కాల్స్‌కి ఇదే పద్ధతిని సిఫార్సు చేసింది. కాల్ ఎలాగూ తన తాళం తానే వేసుకుంటుంది కాబట్టి వీపీఎన్ బయట వెళ్ళినా తెరిచి ఉన్నట్టు కాదు. ఇది ఉద్యోగి సొంతంగా మార్చుకోవలసినది కాదు, ఐటీవాళ్ళని అడగవలసినది. అడిగేటప్పుడు "స్లోగా ఉంది" అంటే పని జరగదు. వీపీఎన్ కలపకముందు ఇంత, కలిపాక ఇంత అని అంకెలు చూపించాలి.

ఇంకొకటి చూడాలి. వీపీఎన్ యాప్‌లు మామూలుగా యూడీపీ అనే పద్ధతిలో పంపుతాయి. పోయిన ప్యాకెట్ పోయిందని వదిలేసి ముందుకు సాగుతుంది ఇది. దారిలో యూడీపీకి అడ్డు తగిలితే యాప్ నిశ్శబ్దంగా టీసీపీకి మారుతుంది. టీసీపీ పోయిన ప్యాకెట్ తిరిగి వచ్చేదాకా వెనకున్నవాటన్నిటినీ ఆపుతుంది. ఫైలుకి అది మేలే, మాటకి చేటు. సిస్కో యాప్‌లో గణాంకాల పేజీలో `Protocol` ఎదురుగా `DTLS` ఉంటే యూడీపీ, ఉత్త `TLS` ఉంటే టీసీపీ. గ్లోబల్‌ప్రొటెక్ట్‌లో `IPSec` ఉంటే మంచిది, `SSL` ఉంటే టీసీపీలోకి జారినట్టు. ఎక్కువసార్లు యాప్‌ని ఒకసారి పూర్తిగా తెంచి మళ్ళీ కలిపితే పాత పద్ధతికి వస్తుంది.

## తెగిన తీరును బట్టి కారణం

వీపీఎన్ రెండు చివరలా కొన్ని సెకన్లకోసారి "ఉన్నావా" అని పలకరించుకుంటాయి. వరసగా కొన్నిటికి జవాబు రాకపోతే తెగిపోయిందని తీర్మానిస్తాయి. అందుకే అది ఎప్పుడు తెగుతుందో గమనిస్తే కారణం తెలుస్తుంది.

వీడియో బిగుసుకుపోయి, ఆ వెంటనే తెగితే వైఫైయో లైనో. పైన చెప్పిన పింగులే దానికి పరీక్ష. భోజనానికి లేచి వచ్చేసరికి తెగి ఉండి, పనిలో ఉన్నంతసేపూ బాగుంటే, మాట్లాడకుండా ఊరుకున్న సంబంధాన్ని మధ్యలో ఒక యంత్రం మర్చిపోయిందన్నమాట. చాలా ఆపరేటర్లు ఒకే బయటి చిరునామాని ఎన్నో ఇళ్ళకి పంచి ఇస్తారు. ఎవరి సంభాషణ ఏదో ఒక పట్టికలో రాసుకుంటారు, కదలిక లేనివాటిని కొట్టేస్తారు. మీ బాక్సు బయటి చిరునామా 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే మీరు అలాంటి పంపకంలో ఉన్నట్టే. ఐటీవాళ్ళు పలకరింపుల మధ్య వ్యవధిని ఇరవై సెకన్లకి తగ్గిస్తే ఇది చాలామటుకు పోతుంది. ఇక సరిగ్గా ఎనిమిది గంటలకో పన్నెండు గంటలకో తెగుతుంటే అది కంపెనీ పెట్టిన గడువు, ఇంట్లో వెతకడం వృథా.

## కరెంటు పోతే

మన ప్రాంతంలో వీపీఎన్ తెగడానికి ఇంకో కారణం కరెంటు. రెండు సెకన్లు పోయి వస్తే లైటు ఒక్కసారి కన్నుగీటుతుంది, ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది. ఫైబర్ బాక్సు మాత్రం ఆరి వెలుగుతుంది. అది మళ్ళీ లేచి, ఆపరేటర్ యంత్రంతో కలిసి, లాగిన్ అయ్యేసరికి రెండు మూడు నిమిషాలు. లేచాక బయటి చిరునామా మారిపోవచ్చు కాబట్టి వీపీఎన్ మళ్ళీ ఓటీపీ అడుగుతుంది. ఇన్వర్టర్ ఉన్న ఇళ్ళల్లో కూడా ఇది జరుగుతుంది. కొన్ని ఇన్వర్టర్లు బ్యాటరీకి మారేటప్పుడు తీసుకునే క్షణం కూడా ఆ బాక్సుకి ఎక్కువ. అలాంటివాటికి వెనక యూపీఎస్ అని రాసిన స్విచ్ ఉంటే అటు తిప్పాలి.

అంతకన్నా తేలికైనది రూటర్ కోసమే అమ్మే మినీ యూపీఎస్. చాలా బాక్సులు 12 వోల్టుల అడాప్టర్ మీద నడుస్తాయి, పది వాట్ల లోపే తింటాయి. ముప్పై వాట్-అవర్ల మినీ యూపీఎస్ ఎనిమిది వాట్ల బాక్సుని మూడు గంటల పైన నిలబెడుతుంది. కొనే ముందు అడాప్టర్ మీద రాసిన వోల్టులూ ఆంపియర్లూ, పిన్ను సైజూ సరిచూసుకోవాలి. సొంత రూటర్ కూడా ఉంటే రెండింటికీ పెట్టాలి.

మన ఇంటికీ ఆపరేటర్ యంత్రానికీ మధ్య స్తంభాల మీద ఉండే ఫైబర్ విభజన డబ్బాలకి కరెంటు అక్కర్లేదు. అందుకే వీధిలో కరెంటు లేకపోయినా నెట్ రావచ్చు. కానీ ఆపరేటర్ గదిలో బ్యాటరీ అయిపోతే మన యూపీఎస్ ఉన్నా లాభం లేదు. అప్పుడు బాక్సు మీద `LOS` అన్న లైటు ఎర్రగా వెలుగుతుంది. తీగ తెగినా అదే ఎరుపు, కాబట్టి రెండింటిలో ఏదో ఆపరేటర్‌నే అడగాలి. ఎరుపు లేకుండా `PON` లైటు ఆకుపచ్చగా నిలకడగా ఉండి నెట్ రాకపోతే మన తీగ బాగానే ఉంది, తేడా ఆపరేటర్ నుంచి ఆపైన.

తీరప్రాంతంలో ఫైబర్ చాలామటుకు కరెంటు స్తంభాల మీదుగానే వస్తుంది. 2017 డిసెంబరు 27న మొదలైన రాష్ట్ర ప్రభుత్వ ఫైబర్‌నెట్ కూడా ఆ స్తంభాల మీదే వేలాది కిలోమీటర్ల తీగ లాగింది. తక్కువ ఖర్చుతో పల్లెలకి చేరిందంటే అందుకే. 2023 డిసెంబరు నాటి మిచౌంగ్ లాంటి తుపాను వచ్చి స్తంభం ఒరిగితే కరెంటూ ఫైబరూ ఒకేసారి పోతాయి. అలాంటి రోజుకి ఫోన్ హాట్‌స్పాట్ ముందే ల్యాప్‌టాప్‌లో కలిపి పెట్టుకోవాలి, సిమ్ ఫైబర్ కంపెనీది కాకుండా వేరేదై ఉంటే ఇంకా మంచిది. హాట్‌స్పాట్‌ని వైఫై మీద కాకుండా యూఎస్‌బీ తీగతో కలిపితే గాలిలో ఒక వంతు తగ్గుతుంది. వీడియో ఆపేసి మాట మాత్రమే ఉంచాలి. టవర్ మీద డేటా కూడా నిలవకపోతే, చాలా కంపెనీల మీటింగ్ ఆహ్వానంలో కింద ఒక ఫోన్ నంబరు, కాన్ఫరెన్స్ ఐడీ ఉంటాయి. ఆ నంబరుకి మామూలు కాల్ చేస్తే మాట టెలిఫోన్ నెట్‌వర్క్ మీద వెళ్తుంది. దానికి వీపీఎన్ అక్కర్లేదు, వైఫై అక్కర్లేదు.